గుడియు గద్దెయు

దేవరాజ శబ్దమునకు విగ్రహవాక్యము చెప్పుమని అడిగినచో విద్యార్థులు రెండు త్రోవలు పట్టుదురు. దేవతలకు రాజు అని షష్ఠీతత్పురుషముగా చెప్పువారు కొందఱు. దేవుడైన రాజు అని కర్మధారయముగా చెప్పువారు మఱి కొందఱు. వ్యాకరణము రెంటికిని సమ్మతించును. తరగతిలో ఇది రెండు నిమిషముల ముచ్చట. కాని ఈ చిన్న సమాసభేదమే తూర్పు సముద్రమున కావలనున్న కంబుజదేశపు చరిత్రలో పెద్ద వివాదమునకు మూలమైనది. అచ్చటి రాజు తానే దేవుడనని చెప్పుకొనెనా, లేక దేవుడే రాజనియు తాను ఆతని కొల్వువాడననియు చెప్పుకొనెనా? మొదటిదైనచో అది గర్వము. రెండవదైనచో వినయము, లేదా వినయపు వేషము ధరించిన గర్వము. ఏది నిజమో తేల్చుకొనుటకు రాజుల మాటలు చాలవు. వారు కట్టించిన గుళ్లను, ఆ గుళ్లను పోషించిన మనుష్యులను చూడవలెను. ఈ వ్యాసములో మేము చేయదలచిన దింతే.

రాజుకు రాజ్యాధికార మెట్లు వచ్చును? తండ్రినుండి కొడుకునకు వచ్చునని మన మందఱము తలతుము. కంబుజదేశమున ఆ నియమము గట్టిగా నిలువలేదు. అన్నదమ్ములు, మేనల్లుండ్రు, పట్టపుదేవి వైపు చుట్టములు, కేవలము ఖడ్గబలము గలవారు, ఎందఱో సింహాసన మెక్కిరి. అట్లెక్కిన ప్రతివానికిని ఒక కొఱత యుండెను. తాను రాజునని లోకమునకు చూపించుకొనవలెను. ఆ కొఱత తీర్చునది దేవాలయము. మన దేశమున తాతల ఆస్తికి పత్రము చూపినట్లు, అచ్చటి రాజు తన రాజ్యమునకు రాతికట్టడమును పత్రముగా చూపెను.

మొదట దేవరాజుని కథ. క్రీ. శ. 802లో రెండవ జయవర్మ మహేంద్రపర్వతము మీద, అనగా నేటి కులేన్ కొండలమీద, ఒక క్రతువు జరిపించెననియు, హిరణ్యదాముడను బ్రాహ్మణుడు వచ్చి శివకైవల్యుడను పురోహితునకు నాలుగు తంత్రగ్రంథములను ఉపదేశించెననియు, దానివలన కంబుజదేశము జావాకు లోబడక యుండుననియు, చక్రవర్తి యొక్కడే యుండుననియు చెప్పుదురు. ఈ వృత్తాంతమంతయు ఒక్క శాసనమునుండి వచ్చినది. అది స్డోక్ కాక్ థోమ్ శాసనము, కాలము 1052. అనగా జరిగిన పనికిని వ్రాసిన మాటకును నడుమ రెండువందల యేబది యేండ్లు గడచినవి.

వ్రాయించినవా రెవరు? ఆ శివకైవల్యుని వంశమువారే. ఆ కాలమున ఆ వంశమునకు పెద్ద సదాశివుడను పురోహితుడు. దేవరాజుని అర్చించు హక్కు తమ వంశమునకే చెందునని శాసనము చెప్పును. ఏ రాజు తమకే భూమి యిచ్చెనో, ఏ గ్రామము తమదైనదో వరుసగా చెప్పును. కావున చదువరులు గమనింపవలసిన దేమనగా, కంబుజ రాజ్యమునకు దివ్యమైన పుట్టుకగా మనము వినుచున్న కథ ఒక పురోహితకుటుంబపు హక్కుపత్రములో భాగముగా మనకు చేరినది. అంతమాత్రమున కథ అబద్ధ మనరాదు. సాక్షికి లాభమున్నదని మఱువరాదు, అంతే.

అదే శాసనమున ఖ్మేరు భాషలోని భాగము సమాసవివాదమును కొంత తీర్చును. దేవరాజ శబ్దమునకు బదులుగా అచ్చట ‘కమ్రతేఙ్ జగత్ త రాజ’ అని యున్నది. ‘రాజైన జగత్ప్రభువు’ అని దాని తాత్పర్యము. ఇందు రాజ్యము చేయువాడు మనుష్యుడు గాడు, దేవుడు. పైగా ఆ దేవుని రాజధాని మాఱినప్పుడెల్ల వెంట తీసికొనిపోయిరని శాసనమే చెప్పుచున్నది. కావున దేవుడైన రాజు అను అర్థముకంటె, రాజ్యమునకు పైనున్న దైవరాజు అను అర్థమే మాకు సమంజసముగా తోచుచున్నది. అయినను ఇంతటితో ప్రశ్న తీరలేదు. దేవుడు రాజైనపుడు ఆయన పేరున పన్ను పుచ్చుకొనువా డెవడు?

ఈ పద్ధతి ఒక క్రమముగా ఏర్పడినది ఇంద్రవర్మ కాలమున. ఇతడు 877లో రాజయ్యెను. తనకు ముందేలిన మూడవ జయవర్మకు కుమారుడు గాడు. హరిహరాలయమను పురమున, అనగా నేటి రోలువోస్ ప్రాంతమున, ఇతడు చేసిన మూడు పనులు తరువాతి రాజులకు ఒరవడి యయ్యెను. మొదటిది నీరు. నేటినుండి అయిదు దినములలో త్రవ్వింపనారంభింతునని ప్రతిజ్ఞ పూనెనని ఇతని శాసనము చెప్పును. అట్లు త్రవ్విన ఇంద్రతటాకము దాదాపు 3.8 కిలోమీటర్ల పొడవును 800 మీటర్ల వెడల్పును గలది. రాజ్యము చేతికి వచ్చిన అయిదు దినములలో గునపము పట్టించినవాడు వానకాలము సంగతి, వరిపొలము సంగతి తెలిసినవాడనక తప్పదు.

రెండవది పితృదేవతల గుడి. దానిని ఇప్పుడు ప్రేహ్ కో అందురు, ప్రతిష్ఠ 879లో. ఆఱు గోపురములు రెండు వరుసలుగా నున్నవి. ముందువరుసలో తండ్రి పృథివీంద్రవర్మ, మాతామహుడు రుద్రవర్మ, నడుమ రెండవ జయవర్మ. వెనుకవరుసలో వారి భార్యలు. అందఱును శివుని పేరనో దేవి పేరనో ప్రతిష్ఠింపబడిరి. రెండవ జయవర్మ ఇతని తండ్రియు గాడు, తాతయు గాడు. అయినను నడిమిగోపుర మాతనికే. తన తండ్రిని, తాతను ఆ పూర్వరాజునకు ఇరుప్రక్కల నిలిపి, పుట్టుకతో రాని వంశక్రమమును ఇటుకతో కట్టుకొనెను. వంశవృక్షమును తాటాకుపై వ్రాసినచో ఎదిరివాడు కాదనవచ్చును. దినమునకు రెండు వేళల నైవేద్యము పెట్టి పూజించు వంశవృక్షమును కాదనుట కష్టము.

మూడవది కొండవంటి గుడి. బాకోంగ్ అను ఆ యాలయము అయిదంతస్తుల రాతిమేరువు. అందలి లింగమునకు 881లో ప్రతిష్ఠ. దాని పేరు ఇంద్రేశ్వరుడు. ఇంద్రవర్మ పేరులోని మొదటి సగమును ఈశ్వరశబ్దమునకు చేర్చిన పే రది. ఇట్లు కట్టించినవాని పేరు దేవునకు పెట్టుట మనవారికిని క్రొత్త గాదు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేట రామప్పగుడిలో ప్రతిష్ఠించిన దేవుడు రుద్రేశ్వరుడే గదా. ఆ గుడికి దగ్గఱనే చెఱువును గలదు. కంబుజరాజులు పల్లవుల కాలపు దక్షిణదేశలిపి నుండి తమ లిపిని తీర్చుకొనిరి. మన తెలుగులిపియు అదే మూలమునకు చెందినది. లిపి పోయిన త్రోవనే ఆచారములును పోయినవనిన ఆశ్చర్యము లేదు. అయితే మన సేనాని చేసినది దానము; అచ్చటి రాజునకు అది రాజ్యతంత్రము. భేద మందే యున్నది.

ఇప్పుడు గుడిలోపలి మనుష్యులను చూతము. ఇంద్రవర్మ కుమారుడు యశోవర్మ 893లో తండ్రి త్రవ్వించిన చెఱువు నడుమ లోలేయ్ అను గుడి కట్టించెను. ఆ కాలపు శాసనములలో సంస్కృతభాగము రాజును పొగడును. ఖ్మేరుభాగము పనివారి జాబితా నిచ్చును. మనమెల్లరమును చదువునది మొదటిదే, చదువవలసినది రెండవది. అందు దాసుల పేర్లు వరుసగా నున్నవి. వారిని శుక్లపక్షమువారు, కృష్ణపక్షమువారు అని రెండు గుంపులుగా విభజించిరి. ఒక పక్షమున గుడిపని, మఱుపక్షమున సొంత పొలముపని అని కొందఱు విద్వాంసులు దీనికి అర్థము చెప్పుదురు. అట్లైనచో వీరు సంతలో అమ్ముడుపోయిన బానిసలకంటె, వెట్టి చేయు గ్రామస్థులకు దగ్గఱివారు. ఆ మాటకు సరియైన తెలుగుపదము దాసుడా, వెట్టివాడా అని నేటికిని నిశ్చయము గాలేదు.

కాని పేర్లు చూచినపుడు ఈ చర్చ కొంత వెలవెలబోవును. కొందఱికి చక్కని సంస్కృతనామము లున్నవి. మఱికొందఱి పేర్లకు కుక్క యనియు, కంపు యనియు అర్థము. దిష్టి తగులకుండ తల్లులు బిడ్డలకు హీనమైన పేర్లు పెట్టుట మన యిండ్లలోను గలదు. పెంటయ్య, పుల్లమ్మ అను పేర్లు మన మెఱిగినవే. అందుచేత పేరునుబట్టియే హీనత నిర్ణయింపరాదు. అయినను ఒకే రాతిమీద ఒకవైపు రాజును ఇంద్రునితో పోల్చి, రెండవవైపు కుక్క యను పేరుగల మనుష్యుని దేవునికి సమర్పించిన వస్తువులలో లెక్కించినపుడు, ఆ సమర్పణలో ఆ మనుష్యుని సమ్మతి యున్నదా అను ప్రశ్న తప్పక పుట్టును. శాసనము దానికి జవాబు చెప్పదు. అట్టి ప్రశ్న పుట్టునని కూడ దానికి తోచినట్లు లేదు.

మూడువందల యేండ్లు దాటి ఏడవ జయవర్మ యొద్దకు పోదము. ఈ పద్ధతి పండినది, ఎండినది ఆతనితోనే. 1177లో చాములు రాజధానిపై బడి దోచిరని చీనావారి గ్రంథములు చెప్పును. ఆ కలతల పిమ్మట 1181లో జయవర్మ రాజయ్యెను. అప్పటికి వయసు మళ్లినవాడు. ఇతడు మహాయాన బౌద్ధుడు. శివలింగమునకు బదులు బుద్ధుడు, లోకేశ్వరుడు, ప్రజ్ఞాపారమిత వచ్చిరి. మతము మాఱినది, మాఱనిది పద్ధతి. 1186లో తల్లి రూపున ప్రజ్ఞాపారమితను రాజవిహారమున ప్రతిష్ఠించెను. అదియే నేడు చెట్లవేళ్లు పెనవేసికొన్న తా ప్రోమ్. 1191లో తండ్రి రూపున లోకేశ్వరుని ప్రతిష్ఠించి, ఆ విగ్రహమునకు జయవర్మేశ్వరుడని పేరు పెట్టెను. అది ప్రేహ్ ఖాన్. జయబుద్ధమహానాథుడను పేరుగల విగ్రహములను రాజ్యమందలి 23 పట్టణములలో నిలిపెను. ఇంద్రవర్మ ప్రేహ్ కోలో చేసిన దానికిని దీనికిని భేదము పరిమాణములో గలదు గాని స్వభావములో లేదు. బౌద్ధము రాజునకు అహంకారము విడువుమని చెప్పునని మన మెఱుగుదుము. ఈ రాజు ఆ ధర్మమునే తన పేరిట ప్రతిష్ఠించుకొనెను.

రాజవిహారపు శాసనము రాజకుమారుడు సూర్యకుమారుడు రచించినది. శైలి ప్రౌఢము, లెక్కలు సూక్ష్మము. ఈ గుడి పోషణకు 3,140 గ్రామములు, 79,365 మంది మనుష్యులు. ఆవరణలో నివసించు హక్కుగలవారు 12,640 మంది. అందు నాట్యకత్తెలు 615 మంది. ముత్యములు, పట్టుపఱుపులు, చీనాతెరలు, గొడుగులు సహితము ఒక్కొక్కటిగా లెక్కింపబడినవి. ప్రేహ్ ఖాన్ శాసనము 5,324 గ్రామములను, 97,840 మందిని చెప్పును.

ఈ అంకెలను చూచి ఆశ్చర్యపడి విడిచిపెట్టుట సులభము. కొంచెము భాగించి చూచినచో అర్థము తెలియును. 79,365 మందిని 3,140 గ్రామములకు పంచినచో గ్రామమునకు ఇరువదియైదుగురు వత్తురు. ప్రేహ్ ఖాన్ విషయమున పదునెనిమిదిమందికి కొంచె మెక్కువ. గ్రామమందు అంతమందియే యుందురా? ఉండరు. కావున ఊరికి ఊరు గుడిపాలు చేయలేదనియు, ఊరినుండి కొన్ని కుటుంబముల బరువు గుడికి కట్టబెట్టిరనియు మే మూహించుచున్నాము. ఆ బరువు ముఖ్యముగా బియ్యము. అంతమంది అర్చకులు, వంటవారు, నాట్యకత్తెలు ప్రతిదినము తినునది ఎవరి పొలమునుండియో రావలెను గదా. గ్రామమునకు ఇరువదియైదుగురు చొప్పున అయినపుడు ఏ ఊరును ఒక్కసారిగా కూలిపోదు. ప్రతి ఊరును కొంచెము వంగును. ఇట్టి భారమునుగూర్చి మొఱ వినబడకుండుటకు కారణ మిదియే కావచ్చును.

ఇచ్చట న్యాయముగా రెండవపక్షమును చెప్పవలెను. ఇదే రాజు ఆరోగ్యశాలలు కట్టించెను. రాజవిహారశాసనము వాని సంఖ్య 102 అని చెప్పుచున్నది. వానికి 838 గ్రామములు, 81,640 మంది. ఈ శాలలయందు నాలుగు వర్ణములవారికిని చికిత్స చేయవలెనని నియమము. భైషజ్యగురువగు బుద్ధుడు అధిదేవత. తేనె, చక్కెర, కర్పూరము మున్నగు ద్రవ్యములు రాజభాండారమునుండి ఏటికి మూడుసార్లు పంపవలెను. శాలలు కొయ్యకట్టడము లగుటచే నశించినవి. వాని ప్రక్క రాతితో కట్టిన చిన్న కోవెలయు, ప్రతిచోటను దాదాపు ఒకే పాఠముగల శిలాశాసనమును దొరకుటచేతనే, ఇచ్చట ఆరోగ్యశాల యుండెనని గుర్తింప గలుగుచున్నారు. నేటి లావోసు, తాయిదేశములలో గూడ ఇవి దొరకినవి. ప్రజల దేహబాధ రాజునకు మనోబాధయై మఱింత నొప్పించెననియు, ప్రజల దుఃఖమే రాజుల దుఃఖముగాని తమ దుఃఖము దుఃఖము గాదనియు ఆ శాసనపు భావము. రాజులు వ్రాయించిన మాటలలో ఇంతకంటె మంచిమాట మేము చదివియుండలేదు.

ఈ మాటను నమ్మవలెనా? నమ్మవలెననియే మా తాత్పర్యము. కపటియైన రాజు తేనె, కర్పూరముల కొలతలు వ్రాయించి, అవి ఏటికి మూడుసార్లు అందవలెనని కట్టడి చేయడు. కాని నిష్కపటమైన దయకును హద్దులుండును. గ్రామమునకు భాగించినచో ఆరోగ్యశాలల పోషకులు తొంబదియేడుగు రగుదురు. రోగిని చూచి కన్నీరు పెట్టిన రాజు, ఆ రోగిశాలకు బియ్యము మోసి అలసినవాని జ్వరమునకు కారణము తానును కావచ్చునని తలపలేదు. దయ గలదు, లెక్క గలదు, ఆ రెంటిని కలిపి చూచిన చూపు లేదు. శాసనాంతమున పుణ్యము నెవరికి ధారపోసెను? తల్లికి, ఆమె సంసారసాగరము దాటవలెనని ప్రార్థించెను. కొడుకు తల్లికొఱకు అట్లు కోరుట ఉచితమే. 79,365 మంది శ్రమవలన కలిగిన పుణ్యములో ఆ 79,365 మందికి భాగమెంత యని అడుగుటయు ఉచితమే.

మీమాంసకుల మాట ఇచ్చట గుర్తునకు వచ్చును. యజమానుడు ద్రవ్యమిచ్చి ఋత్విక్కులచే యాగము చేయించినచో ఫలము యజమానునిదే. ఋత్విక్కులకు దక్షిణ చాలును. ఈ న్యాయమునుబట్టి రాజు తాను యజమానుడననియు పుణ్యము తనదేననియు చెప్పవచ్చును. కాని ఆ న్యాయమునకు రెండంగములున్నవి: ద్రవ్యము యజమానుని స్వంతమై యుండవలెను, ఋత్విక్కు తన యిష్టమున వరణమున కొప్పుకొని దక్షిణ గైకొనవలెను. గ్రామస్థుని బియ్యము రాజుని స్వంత ద్రవ్యమగునా? పేరు చెక్కి యిచ్చివేయబడినవాడు వరణమున కొప్పుకొన్న ఋత్విక్కగునా? శాస్త్రము తెలిసినవారు దీనిని మాకంటె బాగుగా విచారింపవచ్చును. మా మట్టునకు రెండంగములును ఇచ్చట లోపించినవనియే తోచుచున్నది.

గుడి రాజ్యమునకు పత్రమైనచో, ఆ పత్రమును తరువాతివాడు దిద్దుట కేమి యడ్డము? జయవర్మ కాలము 1218 ప్రాంతమున ముగిసెను. ఆ శతాబ్దమునందే బౌద్ధవిగ్రహములను పగులగొట్టిరి; గోడలయందలి బుద్ధులను చెక్కివేసి కొన్నిటిని లింగములుగాను, కొన్నిటిని తపస్వులుగాను మార్చిరి. 1243 నుండి 1295 వఱకు ఏలిన ఎనిమిదవ జయవర్మ శైవుడు. ఈ పని ఆతని కాలమున జరిగెనని పలువుర యభిప్రాయము. జయవర్మ రాజధాని నడుమనున్న బాయోన్‌లోని మూలవిగ్రహము, 3.6 మీటర్ల బుద్ధప్రతిమ, ముక్కలై నడిమిగోపురము క్రింది గోతిలో 1933లో దొరకినది. తన పేరును బుద్ధునికి పెట్టినవాడు తన శత్రువులకు బుద్ధునే గుఱిగా నిలిపె నన్నమాట. దేవుడు రాజునకు పూచీ యైనపుడు, రాజుమీది కోపము దేవునిమీద తీరును. ఇది మేము ఆ చరిత్రమునుండి నేర్చిన ముఖ్యమైన పాఠము.

ఆ తరువాత రాతిగుళ్ల నిర్మాణమే నిలిచిపోయెను. 1309లో వేయబడిన పాళీశాసనము క్రొత్త కాలమును సూచించుచున్నది. స్థవిరవాదభిక్షువు ఊరిలో బిచ్చమెత్తును, కొయ్యవిహారమున నివసించును, ఊరివారి పిల్లలకు అక్షరములు నేర్పును. ఆతనికి మూడువేల గ్రామములు అక్కఱలేదు. రాజు తల్లి రూపున దేవత యక్కఱలేదు. గుడులభారమే రాజ్యమును కూల్చినదని ఒకప్పుడు చెప్పెడివారు. అది పూర్తిగా నిజము గాదు. వియత్నాము కొండలలోని ముసలిచెట్ల వలయములను పరీక్షించి 2010లో ప్రకటించిన పరిశోధన పదునాలుగు, పదునైదవ శతాబ్దములలో దీర్ఘమైన అనావృష్టులును, నడుమ ఉధృతమైన వానలును గలిగెనని తెలుపుచున్నది. కాలువలు ఇసుకతో పూడిపోయినవి, కట్టలు తెగినవి. సయామువారి దాడులును తోడయ్యెను. కావున పడిపోవుటకు కారణము గుడులని తీర్పు చెప్పి సంతోషించుట చరిత్రకు న్యాయము గాదు. ధర్మవిచారమునకు రాజ్యము పడిపోవుట యక్కఱయు లేదు. అన్యాయము పడిపోకున్నను అన్యాయమే.

మరల సమాసమునకు వత్తము. ఆ రాజులు దేవతలా, దేవసేవకులా యను ప్రశ్నకు కట్టడములు చెప్పు జవాబు వేఱు. ఇంద్రవర్మ మూడు పనులలో మొదటిది ఎదుటివాని పొలమును చూచినది. రెండవది తన తాతలను చూచినది. మూడవది తన పేరును చూచినది. మూడింటిని కలిపి ఒకే పుణ్యముగా లెక్కించుకొనుట ఆతని తప్పు. మూడింటిని కలిపి ఒకే పాపముగా లెక్కించుట మన తప్పగును. చెఱువునకు పెట్టిన వెట్టిని, లింగమునకు పెట్టిన వెట్టిని ఒకే త్రాసున తూచరాదు. అయినను చెఱువు త్రవ్వినవానికి కూడ కాదనుటకు హక్కు లేకుండెనను మాట మఱువరాదు.

మా విద్యార్థి యొకడు ఈ శాసనముల సంగతి విని, రాజు పేరు దేవునకు పెట్టిరిగదా, కుక్క యను పేరుగల వాని పేరు ఎవరు చదువుదురని యడిగెను. మనము చదువుచున్నాము గదా యని మేము చెప్పితిమి. వెయ్యియేండ్లకు పైగా ఆతడు గుడిసొత్తుల పట్టికలో నున్నాడు. ఆ పట్టికను చదువునప్పుడు ఆతనిని సొత్తుగా గాక మనుష్యునిగా లెక్కించుట నేటి చదువరులకు సాధ్యమైన పని.